శని ఆదివారాల్లో సొంత పని: రేటు ముందే చెప్పి, పాత ఇళ్లతోనే రోజు నింపుకోవడం ఎలా

వారమంతా ఒక కాంట్రాక్టర్ దగ్గరో కంపెనీలోనో పని చేస్తూ, శనివారం మధ్యాహ్నం కాసేపు ఆదివారం పొద్దున కాసేపు సొంతంగా పనులు చేసుకుని నాలుగు డబ్బులు వెనకేసుకుందాం అనుకునే ఎలక్ట్రీషియన్లకి, ప్లంబర్లకి ఇది రాస్తున్నా. నేను ఎలక్ట్రీషియన్ని, నాతో పాటు ఇదే పద్ధతిలో ప్లంబింగ్ చేసే ఫ్రెండ్ ఒకడున్నాడు, ఇద్దరం కలిసి లెక్కలు రాసుకుంటూ నేర్చుకున్నవే ఇవన్నీ. మొదటి ఏడాది నేను ఎవరు పిలిచినా పరిగెత్తా, రేటు ఆ ఇంటికి వెళ్లాక నోటికొచ్చింది చెప్పా, ఏడాది చివర్లో చూసుకుంటే రెండు రోజులు రెస్ట్ పోగొట్టుకుని నాకు మిగిలింది మామూలు రోజు కూలి అంతే. ఎందుకలా అయిందో అర్థం కావడానికి నాకు ఇంకో నాలుగు నెలలు పట్టింది.

మొదలుపెట్టే ముందు ఒక మాట. మీరు ఉండే చోట ఇంటి వైరింగ్ పనికి లైసెన్స్ కావాలేమో కనుక్కోండి, చాలా చోట్ల కావాలి. మీటర్ దాకా వచ్చే లైను సప్లై వాళ్లది, దాని జోలికి వెళ్లొద్దు. గ్యాస్ పైపు పని దానికి అర్హత ఉన్నవాళ్లే చేయాలి, "చిన్నదే కదా బాబూ చూసిపో" అన్నా సరే వద్దని చెప్పేయండి. ఇంకోటి, మీరు పని చేసే యజమాని కస్టమర్లని వారం చివర సొంతంగా పట్టుకోవద్దు, ఆయన స్టోర్‌లో మిగిలిన వైర్ ముక్క కూడా సొంత పనికి వాడొద్దు. ఒక్కసారి బయటపడిందంటే వారం మధ్యలో పని కూడా పోతుంది.

ముందు నాలుగు వారాలు టైమ్ రాయండి

రేటు గురించి తర్వాత ఆలోచిద్దాం, ముందు మీ టైమ్ ఎక్కడ పోతోందో చూడండి. జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి పనికీ ఐదు అంకెలు రాయండి, వెళ్లడానికి ఎన్ని నిమిషాలు, మాట్లాడి ప్రాబ్లమ్ చూడటానికి ఎన్ని, సామాన్లకి షాపుకి వెళ్లి రావడానికి ఎన్ని, అసలు పని ఎన్ని, ఊడ్చి బిల్లు రాసి డబ్బులు తీసుకోవడానికి ఎన్ని. అంతే. నాలుగు వారాలు నిజాయితీగా రాస్తే చాలు.

నా నోట్‌బుక్‌లో ఫ్యాన్ కండెన్సర్ మార్చిన ఒక పని ఇలా ఉంది. ప్రయాణం 20, చూడటం 10, షాపుకి వెళ్లి రావడం 35, పని 25, బిల్లు 5. మొత్తం 95 నిమిషాలు. ఎవరైనా అడిగితే నేను "అరగంట పనండీ" అనే చెప్పేవాణ్ని, నేనూ అదే నమ్మేవాణ్ని, అరగంట పనికి ఎంత తీసుకోవాలో అంతే తీసుకునేవాణ్ని. పోయింది మాత్రం గంటన్నర పైనే.

ఇక్కడి నుంచి లెక్కలకి రూపాయలు, డాలర్లు వద్దు, ఊరికో రేటు ఉంటుంది కదా. మీ మామూలు రోజు కూలి 100 అనుకోండి, ఎనిమిది గంటలకి. అంటే గంటకి 12.5. ఆ ఫ్యాన్ పనికి నేను 20 తీసుకున్నా అనుకుంటే, 95 నిమిషాలకి 20 అంటే గంటకి దాదాపు 12.6. అంటే ఆదివారం ఇల్లు వదిలి వెళ్లి సోమవారం కూలే సంపాదించా. అదే కండెన్సర్ నా బ్యాగులో ఉండి ఉంటే షాపు 35 నిమిషాలు పోయి మొత్తం గంటే పట్టేది, గంటకి 20 వచ్చేది. రేటు పైసా పెంచలేదు, కస్టమర్ ఒక్క పైసా ఎక్కువ ఇవ్వలేదు, బ్యాగులో ఒక డబ్బా ఉండటం వల్ల వచ్చిన తేడా ఇది.

అందుకే నాలుగు వారాల నోట్స్ చూసి, ఏ సామాను కోసం షాపుకి ఎక్కువసార్లు పరిగెత్తారో అవి మాత్రం రెండేసి కొని బ్యాగులో పెట్టుకోండి. నాకైతే ఫ్యాన్ కండెన్సర్లు, స్విచ్‌లు, సాకెట్లు, బల్బ్ హోల్డర్, ఒకటి రెండు ఎంసీబీలు. కండెన్సర్ మాత్రం పాతదాని మీద రాసి ఉన్న మైక్రోఫారడ్ విలువకి సరిపోయేదే వేయాలి, ఫ్యాన్ వేగంగా తిరగాలని పెద్ద విలువది వేస్తే మోటార్ వేడెక్కుతుంది. ఎంసీబీ కూడా అంతే, ట్రిప్ అవుతోందని పెద్ద ఆంపియర్లది పెడితే ట్రిప్ ఆగుతుంది, లోపల వైర్ కాలుతుంది. ప్లంబర్ బ్యాగులో ట్యాప్ వాషర్లు, స్పిండిల్, టెఫ్లాన్ టేప్, ఒక యాంగిల్ కాక్, రెండు సైజుల కనెక్షన్ పైపులు, ఫ్లష్ ట్యాంక్ అడుగున ఉండే రబ్బరు, బాల్ కాక్ ఉంటే సగం ఇళ్లకి షాపు మొహం చూడక్కర్లేదు.

రేటు కార్డు తయారు చేయడం

ఇప్పుడు రేటు. శనివారం మధ్యాహ్నం నాలుగు గంటలు, ఆదివారం పొద్దున నాలుగు గంటలు, మొత్తం ఎనిమిది గంటలు పని చేద్దాం అనుకోండి. రెస్ట్ రోజు పోగొట్టుకుంటున్నారు కాబట్టి మామూలు కూలికి ఒకటిన్నర రెట్లు రావాలి, అంటే 150. దాని మీద పెట్రోలు, ఫోన్, డ్రిల్ బిట్లు అరగడం, ఎప్పుడో ఒకసారి మళ్లీ వెళ్లి ఫ్రీగా సరిచేయాల్సిన పనులు, వీటన్నిటికీ కలిపి 20 వేసుకోండి. మొత్తం 170. ఈ 20 మీ సొంత ఖర్చులు చూసి మార్చుకోండి, నేను లెక్క చూపించడానికి వేశా.

ఎనిమిది గంటల్లో మీ చేతిలో స్క్రూడ్రైవర్ ఉండేది ఐదు గంటలే, మిగతాది దారిలో, మాటల్లో పోతుంది (మీ నోట్‌బుక్‌లో ఎంత ఉందో అదే వేసుకోండి). 170ని 5తో భాగిస్తే అసలు పని గంటకి 34. అరగంటకి 17.

దీన్ని కస్టమర్‌కి చెప్పకండి. గంట లెక్క చెబితే వాళ్ల చూపు గడియారం మీదే ఉంటుంది, మీరు ఫాస్ట్‌గా చేస్తే "పది నిమిషాలకే ఇంతా" అంటారు, నిదానంగా చేస్తే లాగుతున్నాడు అనుకుంటారు. పని చేతగానివాడికి ఎక్కువ, చేతనైనవాడికి తక్కువ వచ్చే పద్ధతి అది. పనికి ఇంత అని చెప్పండి. నా కార్డు మీద మూడే సైజులు ఉంటాయి. అరగంట లోపు అయ్యేది చిన్న పని, 20. గంట దాకా పట్టేది మధ్య పని, 35. రెండు గంటల దాకా పట్టేది పెద్ద పని, 70. ప్రతి సైజు కింద నాలుగైదు పనుల పేర్లు మామూలు మాటల్లో రాసి ఉంటాయి, "స్విచ్ లేదా సాకెట్ మార్చడం", "కొత్త ఫ్యాన్ బిగించడం", "కొత్త పాయింట్ బయట కేసింగ్‌లో లాగడం" అని. ప్లంబర్ అయితే "ట్యాప్ కారడం ఆపడం", "సింక్ కింద పైపు మార్చడం", "గీజర్ దించి కొత్తది బిగించడం". పదిహేను పనులు మించితే ఎవరూ చదవరు.

కార్డు కింద ఐదు లైన్లు తప్పకుండా ఉండాలి. ఈ రేటులో ఇంటికి రావడం కలిపే ఉంటుంది. సామాన్లు బిల్లు చూపించి అసలు ధరకే, లేదా ఇంట్లోవాళ్లే కొనుక్కోవచ్చు. పని చేయించుకోకపోతే చూసినందుకు 15. అదే రోజు అదే ఇంట్లో రెండో చిన్న పని నుంచి ఒక్కోటి 12. చేసిన పని ముప్ఫై రోజుల్లో మళ్లీ పాడైతే కూలి లేకుండా సరిచేస్తా, వాళ్లు తెచ్చిన సామానే పాడైతే మాత్రం అది వేరు.

ఆ రెండో పని 12 లైను దగ్గర కొంచెం ఆగుతా, ఎందుకంటే డబ్బంతా అక్కడే ఉంది. ఒక ఇంట్లో ఒక్క చిన్న పని అంటే, బ్యాగులో సామాను ఉన్నా సరే, 20 నిమిషాల దారి, 10 చూడటం, 25 పని, 5 బిల్లు, గంటకి 20. మనకి ఎనిమిది గంటలకి 170 కావాలి, అంటే గంటకి 21 పైన. అంటే ఒక్కో పని ఉన్న ఇళ్లతో రోజంతా నింపినా టార్గెట్ రాదు! అదే ఒక ఇంట్లో మూడు చిన్న పనులు ఉంటే, దారి 20, చూడటం 10, పనులు 75, బిల్లు 5, మొత్తం 110 నిమిషాలు, వచ్చేది 20, 12, 12 కలిపి 44. గంటకి 24. కస్టమర్ మూడుసార్లు పిలిస్తే 60 ఇచ్చేవారు, ఇప్పుడు 44 ఇచ్చారు, వాళ్లకీ లాభమే. 110 నిమిషాల లెక్కన నాలుగు ఇళ్లు అంటే ఏడు గంటల ఇరవై నిమిషాలు, 176. టార్గెట్ దాటింది, కాస్త టీ తాగే టైమ్ కూడా మిగిలింది.

కాబట్టి ఫోన్ రాగానే అడగాల్సిన ప్రశ్న ఒకటే. "వస్తానండీ, ఇంకా ఇంట్లో వెలగని లైటు, లూజుగా ఉన్న సాకెట్, గరగరమనే ఫ్యాన్ ఏమైనా ఉంటే ఒక కాగితం మీద రాసి పెట్టండి, రెండో పని నుంచి రేటు తక్కువ." ఊరికే "ఇంకేమైనా ఉందా" అంటే ఏం లేదంటారు, పేరు పెట్టి అడిగితే గుర్తొస్తాయి.

రేటు పెట్టకూడని పనులు

అన్నిటికీ ముందే రేటు చెప్పేస్తే దెబ్బ తింటారు. ఏ ప్రాబ్లమ్ ఎక్కడుందో తెలియకుండా వెతకాల్సి వస్తుందో దానికి ఫిక్స్‌డ్ రేటు వద్దు, వెతకడానికి ఒక రేటు, సరిచేయడానికి ఇంకో రేటు.

నాకిది నేర్పింది ఆర్‌సీసీబీ, అంటే కరెంట్ ఎర్త్‌లోకి లీకైతే సప్లై ఆపేసే స్విచ్, ట్రిప్ అవుతున్న ఇల్లు. ఫోన్‌లో విని చిన్న పని అని 20 చెప్పేశా. వెళ్లి అన్ని ఎంసీబీలు దించి ఒక్కోటీ ఎత్తుకుంటూ వచ్చా, మామూలుగా ఏది ఎత్తితే పడిపోతుందో ఆ లైనులోనే లోపం అని దొరుకుతుంది. ఇక్కడ ఒకసారి కిచెన్ లైను ఎత్తితే పడింది, ఇంకోసారి అదే లైను ఎత్తినా నిలబడింది, తర్వాత బెడ్‌రూమ్ ఏసీ ఆన్ చేస్తే పడింది. గంట తిరిగా. చివరికి తేలింది ఏంటంటే లోపం ఫేజ్‌లో కాదు, ఒక బయటి లైటు పాయింట్‌లో వాన నీళ్లు చేరి న్యూట్రల్ ఎర్త్‌కి తగులుతోంది. మామూలు సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్ ఒక్కటే తెంపుతుంది, న్యూట్రల్ బార్ దగ్గర అందరిదీ కలిసే ఉంటుంది, అందుకని ఆ లైటు ఎంసీబీ దించేసి ఉన్నా ఇంట్లో వేరే ఏదైనా పెద్ద లోడ్ నడిస్తే దాని కరెంట్ కొంచెం ఈ న్యూట్రల్ ద్వారా ఎర్త్‌లోకి పోయి ఆర్‌సీసీబీ పడేస్తుంది. దొరకాలంటే మెయిన్ ఆపి, న్యూట్రల్ వైర్లు బార్ నుంచి ఒక్కోటి విప్పి, ఇంట్లో ప్లగ్గులన్నీ తీసి, ఇన్సులేషన్ టెస్టర్‌తో ఒక్కో లైను న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడాలి. రెండున్నర గంటలు పట్టింది. తీసుకున్నది 20.

ఇప్పుడు అలాంటి ఫోన్ వస్తే ఇలా చెప్తా, "వెతకడానికి 35 అండీ, గంట దాకా చూస్తా, దొరికితే సరిచేయడానికి ఎంతో అప్పుడే చెప్తా, మీరు సరే అంటేనే చేస్తా. గంటలో దొరక్కపోతే ఆపి మీకు చెప్తా, ముందుకు వెళ్లాలా వద్దా మీ ఇష్టం." ఒక్కరు కూడా కాదనలేదు. ప్లంబర్‌కి ఇదే సీన్ గోడలో లీకు. గోడ చెమ్మగా ఉందని ఫోన్ వస్తే వెంటనే గోడ పగలగొట్టే రేటు చెప్పకండి. ముందు నీళ్ల మీటర్ ఉంటే ఇంట్లో ట్యాపులన్నీ కట్టేసి రీడింగ్ రాసుకుని అరగంట తర్వాత మళ్లీ చూడండి, కదిలితే ప్రెషర్ ఉన్న పైపులోనో ఫ్లష్ ట్యాంకులోనో లీకు, కదలకపోతే ఎక్కువగా డ్రైనేజీ పైపో బాత్రూమ్ టైల్స్ సందులో ఏదో అయి ఉంటుంది. ఫ్లష్ మీద అనుమానం ఉంటే ట్యాంకులో కాస్త రంగు వేసి పావుగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి, రంగు కిందకి కమోడ్‌లోకి దిగితే అడుగు రబ్బరు పోయినట్టే. మీటర్ కదలడానికి కూడా చాలాసార్లు ఆ రబ్బరే కారణం, గోడ జోలికి వెళ్లక్కర్లేకుండా తేలిపోతుంది. ఆ రబ్బరు మార్చడం చిన్న పని, 20. చూసిన దానికి వేరేగా తీసుకోకండి, రంగు టెస్టు చూపించిన ప్లంబర్‌ని వాళ్లు మర్చిపోరు.

గోడ తెరవాల్సి వస్తే తెరిచాక లోపల ఏముందో చూసి మళ్లీ మాట్లాడుకుందాం అని ముందే రాసి ఇవ్వండి. ప్లాస్టరింగ్, టైల్స్, పెయింట్ మీ పని కాదని కూడా రాయండి, గొడవలన్నీ అక్కడే వస్తాయి.

బేరం వచ్చినప్పుడు

బేరం ఆడతారు, అందులో తప్పేం లేదు. రేటు తగ్గించకండి, పని తగ్గించండి. "44 ఎక్కువండీ" అంటే "సరే, ఇవాళ సాకెట్, ఫ్యాన్ చేద్దాం, లైటు వచ్చేసారి చూద్దాం, 32 అవుతుంది" అనండి. ఒక్కసారి 20ని 15 చేశారంటే మీ కార్డు ఉత్త కాగితం అయిపోతుంది, పక్కింటివాళ్లకి కూడా 15 అనే తెలుస్తుంది. బంధువులు, బాగా తెలిసినవాళ్లు ఫ్రీగా అడుగుతారు, వాళ్లకి కూడా కార్డే చూపించి, చివర్లో మీకు ఇష్టమైనంత తగ్గించి బిల్లు మీద ఆ తగ్గింపు కనపడేలా రాయండి. ఎంత విలువైన పని చేశారో అప్పుడు తెలుస్తుంది.

బ్యాగు జిప్పు తీసే ముందే రేటు ఒప్పుకోవాలి. పని అయ్యాక మాట్లాడితే మీది అడుక్కోవడం అవుతుంది.

అదే ఇంటికి మళ్లీ వెళ్లడం

దీనికి నేను మూడు పనులు చేస్తా, మూడూ కలిపి ఇంటికి పది నిమిషాలు.

మొదటిది స్టిక్కర్. పని అయ్యాక డిస్ట్రిబ్యూషన్ బోర్డు డోర్ లోపల ఒక తెల్ల స్టిక్కర్ అంటించి, ఏ ఎంసీబీ దేనిదో రాస్తా, హాల్, కిచెన్, గీజర్, మోటార్ అని, కింద తేదీ, నా పేరు, నంబర్. చాలా ఇళ్లలో ఏ స్విచ్ దేనిదో ఎవరికీ తెలియదు, కరెంట్ పోయిన రోజు టార్చి పట్టుకుని బోర్డు తెరవగానే నా నంబర్ కనపడుతుంది. విజిటింగ్ కార్డులు వందలు పంచా, ఒక్కటీ దాచుకోలేదు ఎవరూ. స్టిక్కర్ మాత్రం ఇల్లు ఖాళీ చేసి కొత్తవాళ్లు వచ్చినా అక్కడే ఉంటుంది. ప్లంబర్ ఫ్రెండ్ మెయిన్ వాల్వ్‌కి ట్యాగ్ కడతాడు, "నీళ్లు ఆపాలంటే ఇది ఇటు తిప్పండి" అని బాణం గుర్తుతో. పైపు పగిలి నీళ్లు చిమ్ముతున్నప్పుడు ఆ ట్యాగ్ ఎంత విలువైనదో ఊహించుకోండి.

రెండోది ఇంటికో పేజీ. నోట్‌బుక్‌లో ఆ ఇంటి పేరు మీద తేదీ, చేసిన పని, వేసిన సామాను ఏ సైజు ఏ రేటింగ్, ఎంత తీసుకున్నా, ఇంకా నేను చూసి చేయకుండా వదిలేసినవి. ఈ చివరిది చాలా ముఖ్యం. ఒక పెద్దావిడ ఇంట్లో బాత్రూమ్ స్విచ్ మార్చడానికి వెళ్లా, పక్కనే గీజర్ సాకెట్ ఒక రంధ్రం చుట్టూ గోధుమ రంగుకి తిరిగి ఉంది, ప్లగ్గు పిన్ను కూడా అటువైపే నల్లబడింది. లూజ్ కాంటాక్ట్ అక్కడ వేడెక్కుతోందని అర్థం. ఆవిడకి చూపించి, "అమ్మా, ఇది ఇప్పుడు మారిస్తే రెండో పని రేటే పడుతుంది, ఇవాళ వద్దనుకుంటే గీజర్ వాడి స్విచ్ ఆపాక ప్లగ్గు పట్టుకుని చూడండి, వేడిగా తగిలితే వాడకం ఆపేయండి" అన్నా. "వచ్చే నెల చూద్దాం బాబూ" అంది, నేను ఇంకో మాట అనలేదు, నోట్‌బుక్‌లో రాసుకుని వచ్చేశా. ఐదు వారాల తర్వాత ఆవిడే ఫోన్ చేసింది, "ప్లగ్గు కాలుతోంది, నువ్వు చెప్పావు కదా, వంటింట్లో ఇంకో రెండు పనులు కూడా రాసి పెట్టా." ఆ తర్వాత పై అంతస్తు వాళ్లు, ఎదురింటివాళ్లు. భయపెట్టి ఆ రోజే చేయించి ఉంటే 12 వచ్చేది, అంతే.

కానీ జాగ్రత్త, నిజంగా ప్రమాదం ఉన్నది మాత్రం వచ్చే నెలకి వదలకూడదు. వైర్ కాలిన వాసన, బోర్డులో చిటపట శబ్దం, గీజర్ ముట్టుకుంటే షాక్, ఇలాంటివి ఉంటే ఆ లైను ఆపేసి, ఆపేసినట్టు వాళ్లకి చూపించి రండి, వాళ్లు చేయించుకున్నా చేయించుకోకపోయినా.

మూడోది గుర్తు చేయడం. ఇంటి పేజీలో పైన కుడివైపు మూలలో తర్వాతి తేదీ రాస్తా, ఊరికే కాదు, నిజంగా ఆ తేదీకి ఏదో ఒక పని ఉంటేనే. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూడాలి, ఎన్ని రోజులకోసారో దాని మీదో దాంతో వచ్చిన కాగితంలోనో ఉంటుంది, ఎవరూ నొక్కరు. నొక్కినా పడకపోతే అది ఉన్నా లేనట్టే, మార్చాలి. ఇన్వర్టర్ బ్యాటరీ నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటర్ లెవెల్ చూడాలి. బోర్డులో పెద్ద లోడ్ల టెర్మినల్ స్క్రూలు లూజయ్యాయేమో చూడాలి, ఇది మెయిన్ ఆపి, మీటర్‌తో కరెంట్ లేదని చూసుకున్నాకే, మెయిన్ ఆపినా దానికి పైనుంచి వచ్చే వైర్లలో కరెంట్ ఉంటుందని మర్చిపోవద్దు. ప్లంబర్‌కి స్టోరేజ్ గీజర్ లోపల ఉండే ఆనోడ్ రాడ్ ఉంది, ట్యాంకుకి బదులు తను అరిగిపోయేది అదే, ఉప్పు నీళ్లున్న ఇంట్లో ఏడాదికోసారి తీసి చూస్తే ట్యాంకు తుప్పు పట్టకముందే తెలుస్తుంది. ట్యాంక్ కడగడం, బాల్ కాక్ సరిగ్గా మూసుకుంటుందో లేదో చూడటం కూడా.

ఇవన్నీ కలిపి "చెకప్" అని ఒక మధ్య పని కింద 35 పెట్టుకోండి. మెసేజ్ చిన్నగా ఉండాలి, నేను పంపేది ఇదే:

"నమస్తే అండీ, మార్చిలో మీ ఇంట్లో ఫ్యాన్, కిచెన్ సాకెట్ చేశాను. ఆర్‌సీసీబీ టెస్ట్, బ్యాటరీ నీళ్లు చూడాల్సిన టైమ్ అయింది. ఈ ఆదివారం మీ వీధిలోనే ఇంకో పని ఉంది, 10 గంటలకి రమ్మంటే వస్తా. చెకప్ 35, వేరే చిన్న పనులు ఉంటే ఒక్కోటి 12."

ఇందులో పాత పని పేరు ఉంది, ఎందుకు వస్తున్నానో ఉంది, టైమ్ ఉంది, రేటు ఉంది. జవాబు రాకపోతే రెండోసారి పంపను, తేదీ ఇంకో మూడు నెలలు ముందుకి జరుపుతా. పండగ శుభాకాంక్షలు, ఫార్వర్డ్‌లు ఈ నంబర్ నుంచి పంపొద్దు, మ్యూట్ చేసేస్తారు, అప్పుడు అసలు మెసేజ్ కూడా చూడరు.

"మీ వీధిలోనే ఇంకో పని ఉంది" అనేది అబద్ధం కాకూడదు. నిజంగానే ఒక ఇంటి నుంచి ఫోన్ వస్తే ముందు నోట్‌బుక్ తీసి ఆ చుట్టుపక్కల ఎవరి తేదీ దగ్గరపడిందో చూసి వాళ్లకే పంపండి. 20 నిమిషాల దారి 5 నిమిషాలు అవుతుంది, నాలుగు ఇళ్లు చేసే ఆ ఎనిమిది గంటల్లో ఐదో ఇల్లు దాదాపు పట్టేస్తుంది.

ఎన్ని ఇళ్లు ఉంటే చాలు

వారానికి నాలుగు ఇళ్లు, ఏడాదిలో నాలుగు వారాలు మీ ఇంటి పనులకి సెలవు తీసేస్తే 48 వారాలు, మొత్తం 192 విజిట్లు. ఒక్కో ఇల్లు ఏడాదికి మూడుసార్లు పిలిస్తే 64 ఇళ్లు. అంతే కావాలి. కొందరు ఒక్కసారే పిలుస్తారు, కొందరు ఆరుసార్లు, నాకు లెక్క దాదాపు ఇలాగే తేలింది. అరవై పేజీల నోట్‌బుక్ నిండాక కొత్త ఇంటిని తీసుకునేది పాత కస్టమర్ చెబితేనే, అదీ దారిలో ఉంటేనే. నలభై నిమిషాల దూరంలో ఒక్క స్విచ్ పని వస్తే అక్కడ దగ్గర్లో తెలిసినవాళ్ల నంబర్ ఇచ్చేయండి.

వారం మధ్యలో ఫోన్లు వస్తాయి, డ్యూటీలో ఎత్తొద్దు. "డ్యూటీలో ఉన్నానండీ, సాయంత్రం 7కి చేస్తా. కాలిన వాసనో నీళ్లు చిమ్మడమో అయితే మెయిన్ ఆపేసి దగ్గర్లో ఎవరినైనా వెంటనే పిలవండి" అని ఒక మెసేజ్ రెడీగా పెట్టుకుని పంపండి. ఏడు గంటలకి తప్పకుండా చేయండి మరి.

పని పాడై మళ్లీ వెళ్లాల్సి వచ్చినవి నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో రాయండి. పదిలో ఒకటి కంటే ఎక్కువ ఎర్రగా కనపడితే కారణం ఒకే చోట ఉంటుంది, వెతకండి. నాకు ఒక ఏడాది ఎర్రవన్నీ చూస్తే సగానికి పైగా ఒకే రకం చవక హోల్డర్లు, నేనే తక్కువకి వస్తున్నాయని డజను కొని పెట్టుకున్నవి. మిగిలిన ఐదూ పారేశా. ఆ నెలలో వాటిని వేసిన ఇళ్లకి నేనే ఫోన్ చేసి, వేరేవి తెచ్చి ఫ్రీగా మార్చా, ఒక ఆదివారం పొద్దున అంతా దానికే పోయింది, వాళ్లలో ముగ్గురు అప్పుడే ఇంకో పని కూడా చూపించారు.

ఏడాదికోసారి మళ్లీ నాలుగు వారాలు టైమ్ రాయండి, రోజు కూలి పెరిగి ఉంటుంది, పెట్రోలు పెరిగి ఉంటుంది, అదే లెక్క మళ్లీ వేసి కార్డు మార్చండి, కొత్త రేటు ఏ తేదీ నుంచో కార్డు మీదే రాసి, పాత ఇళ్లకి ఒక నెల ముందు మెసేజ్ పెట్టండి.